పసుపు పెట్టిన జవాబు కార్డు

"సులోచనా! వచ్చేసింది, జవాబు వచ్చేసింది!"

అంగట్లో నుంచి పద్మనాభ కేక వినిపించేసరికి సులోచన చారులో పోపు వేయబోతోంది. గరిటె చేతిలో ఉందన్న సంగతి మరిచిపోయి అలాగే పరుగెత్తింది. చిటపటలాడే ఆవాలు దారి పొడుగునా రాలాయి. వెనక నుంచి అత్తగారు కన్యకమ్మ "ఏయ్ పిల్లా, గరిటె! గరిటె!" అంటున్నా చెవికెక్కలేదు.

చింతామణి బజారులో ముందు ఇనుప సామాన్ల అంగడి, వెనక ఇల్లు, మధ్యలో ఒక పూల తెర. పెళ్ళయి వచ్చిన రెండు నెలల్లో సులోచన ఆ తెర సందులో నుంచే సగం లోకాన్ని చూసింది. మేకులు కొనేవాళ్ళ బేరాలు, సంతకు వచ్చినవాళ్ళ తలపాగాలు, మొగుడు లెక్క తప్పినప్పుడు చెవి గోక్కునే తీరు, అన్నీ అక్కడి నుంచే. ఇప్పుడు తెర తోసుకుని ఏకంగా అంగట్లోకే వచ్చి నిలబడింది.

పద్మనాభ చేతిలో కార్డు ఉంది. పరగోడు గంగప్పకు తాము పంపిన జోడు కార్డులో రెండో సగం. ముందే డబ్బు కట్టి, తమ చిరునామా తామే రాసి పంపిన జవాబు కార్డు అది. వెనక్కి తిప్పితే ఒక్క అక్షరం లేదు. నాలుగు మూలలా పసుపు, నడిమధ్య కుంకుమ బొట్టు, దాని కింద బొటనవేలి ముద్ర.

"ఏమీ రాయలేదే!" అన్నాడు పద్మనాభ.

"ఇంతకంటే ఏం రాయాలండీ? మనం పసుపు పెట్టి పంపాం, వాళ్ళు పసుపుతో పాటు కుంకుమా పెట్టి పంపారు. నాకైతే ఇది కావ్యంలా ఉంది."

"నీకు రాగిముద్ద కూడా కావ్యమే."

"అది మీ అమ్మగారు చేస్తేనే!"

వెనకే వచ్చిన కన్యకమ్మ నవ్వు ఆపుకుంటూ గరిటె లాక్కుంది. "మొదటి ఇంజన్‌కు మంచి శకునమేలే. పోయి చారు చూడు."

మూడు నెలలుగా ఆ ఇంజను అంగడి మూల కూర్చుని ఉంది. నూనెతో నడిచే నీళ్ళ ఇంజను. కరెంటు తీగలు ఇంకా చింతామణి దాటి పల్లెల్లోకి పోలేదు గనుక రైతులకు ఇదే గతి అని పద్మనాభ తండ్రిని ఒప్పించి ఏజెన్సీ తెచ్చుకున్నాడు. వచ్చినవాళ్ళంతా దాని చుట్టూ తిరిగి, చేత్తో తట్టి, మేకులు కొనుక్కుని పోతున్నారు. "ఏమప్పా పద్మనాభా, మీ అంగట్లో ఉండేది ఇంజనా, దేవరా? మొక్కి పోయేటోళ్ళే గానీ ఇంటికి తీసుకుపోయేటోళ్ళు లేరే!" అని ఎదురు అంగడి వాళ్ళు రోజూ ఆటపట్టిస్తున్నారు.

అలాంటి ఇంజను దగ్గర ఆరు రోజుల కిందట సంత నాడు ఒక పెద్దమనిషి గంటసేపు కూర్చున్నాడు. ఆయనే గంగప్ప. బాగేపల్లి తాలూకా పరగోడులో ఆయనకు ఒక బావి, దాని కింద రెండెకరాల మల్బరీ తోట ఉన్నాయి. అన్నీ అడిగాడు. గంటకు ఎంత నూనె తాగుతుంది, చెడిపోతే ఎవరు వస్తారు అని. ఆఖరున తెర వెనక ఉన్న సులోచనకు కూడా వినబడేలా నవ్వి, "ఇది తాగేంత నీళ్ళు నా బాయిలో ఉండాయో లేదో సెట్టప్పా. ఇంట్లో మాట్లాడి చెప్తా" అని లేచిపోయాడు. పోతూ పోతూ చిరునామా చెప్పాడు.

మరునాడు పద్మనాభ ఉత్తరం మొదలుపెట్టాడు. 'ఇటువంటి అవకాశం మరల రాదు, వెంటనే బయానా పంపవలెను' అని రాసి భార్యకు చూపించాడు. మదనపల్లె కాలేజీలో ఇంటర్మీడియట్ చదివిన భార్య ఉండగా ఆమెకు చూపించకుండా ఉత్తరం పంపడం ఎలా?

సులోచన ముక్కు చిట్లించింది. "ఇది చదివితే ఆయన సంతకు రావడం కూడా మానేస్తాడు. ఇంట్లో మాట్లాడాలన్నాడు కదా, మాట్లాడనివ్వండి. ఆయన అనుమానం నీళ్ళ గురించి. ముందు బావి కొలుస్తాం, నచ్చితేనే తరువాతి మాట అని రాయండి. నన్ను చూసి వెళ్ళాక మీవాళ్ళు ఎంత బాగా రాశారు! 'అమ్మాయికి ఇష్టమైతేనే' అని. ఆ ఒక్క ముక్కకే కదా నేను ఒప్పుకున్నది."

"నన్ను చూసి కాదా?"

"మిమ్మల్ని సరిగ్గా చూస్తే కదా! తల వంచుకుని ఉంటిని కదా."

అలా నవ్వుకుంటూ ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి కార్డు తయారుచేశారు. ఆమె ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో రాసింది. టపా మోసే అంచెవాళ్ళకు తెలియాలని రెండు చిరునామాలూ అతను కన్నడంలో రాశాడు. పంపే ముందు ఆమెకు ఏం తోచిందో, వంటింట్లోకి పోయి వేలి కొనతో పసుపు తెచ్చి నాలుగు మూలలా అద్దింది. తన పెళ్ళి ఒప్పందం రాసిన ఉత్తరానికి ఉన్నట్టే. కన్యకమ్మ చూసి, "ఇంజన్‌కు శుభలేఖ రాసినావా తల్లీ?" అని ఒకటే నవ్వడం.

ఆ కార్డుకు ఇప్పుడు జవాబు వచ్చింది. కార్డులో రాసిన సోమవారం ఎల్లుండే.

"నేనూ వస్తా" అంది సులోచన.

"బావి కొలిచేదానికి నువ్వెందుకు?"

"ఉత్తరం నాది. బావి సగం నాది."

* * *

సోమవారం తెల్లవారగానే బస్సు ఎక్కారు. పద్మనాభ, సులోచన, మెకానిక్ ఈరప్ప. ఈరప్ప భుజాన అడుగుకో ముడి వేసిన పొడవాటి తాడు, దాని చివర ఇనుప గుండు. కిటికీ పక్కన సులోచన. దారిలో కనబడిన ప్రతి గుండురాయీ, ప్రతి మేకపిల్లా ఆమెకు వింతే. చేతిలో వేయించిన వేరుశనగల పొట్లం. ఈ ప్రయాణం కోసమే పెళ్ళి చేసుకున్నట్టుంది ఆమె ముఖం.

బాగేపల్లిలో దిగేసరికి గూడు బండి ఒకటి ఎదురుగా నిలబడి ఉంది. ఎద్దుల కొమ్ములకు రంగు కాగితాలు, మెడలో గంటలు. తలపాగా చుట్టిన బండతను దగ్గరికి వచ్చాడు.

"చింతామణి నుంచి వచ్చినోళ్ళేనా? పరగోడు గంగప్పోళ్ళ ఇంటికి?"

"మేమేనప్పా" అన్నాడు పద్మనాభ ఆశ్చర్యంగా.

"ముగ్గురేనా? పెద్దోళ్ళు ఎనక బస్సుకు వస్తాండారా?"

"మా నాయన అంగడి ఇడిసిపెట్టి రారు."

బండతను ఏమనుకున్నాడో తల ఊపి ఎద్దులను అదిలించాడు. సులోచన మొగుడి చెవిలో గుసగుసలాడింది. "చూశారా, ఒత్తిడి చేయకుండా రాస్తే గంటల బండి వస్తుంది. 'వెంటనే బయానా' అని రాసుంటే నడిచి పోవాల్సిందే."

గంగప్ప ఇంటి ముందు బండి ఆగింది. గోడలకు కొత్త సున్నం. గుమ్మానికి మామిడాకులు. వాకిలి నిండా ముగ్గు. లోపల నుంచి పూర్ణం కూరిన ఓళిగల వాసన, కాగుతున్న నెయ్యి వాసన. అరుగు మీద జంపఖానా, వక్కాకుల పళ్ళెం. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఏడెనిమిది మంది గుమ్మం పక్కన. బావి కొలవడానికి వస్తే ఇంత మర్యాదా అని సులోచన గుండె పొంగిపోయింది.

గంగప్ప ఎదురు వచ్చాడు. పద్మనాభను చూడగానే గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఓ, సెట్టప్పా! మీరూ వస్తాండారని తెలీదే. మంచిదాయె. మరి ఆంజనేయప్పోళ్ళు యాడ?"

"ఏ ఆంజనేయప్ప?"

"అదేనప్పా, పిల్లోడి నాయన."

పద్మనాభ ఈరప్ప వైపు చూశాడు. ఈరప్ప భుజం మీది తాడు వైపు చూసుకున్నాడు.

ఈలోగా గంగప్ప భార్య అక్కయమ్మ సులోచన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. చాప మీద పట్టు చీర కట్టుకుని, తల నిండా మల్లెలు పెట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. పదిహేడేళ్ళు ఉంటాయేమో. "మా మునిరత్న. చూసుకో తల్లీ. నువ్వు పిల్లోడికి ఏమవుతావు? వదినవా?" అని అడిగింది అక్కయమ్మ.

పిల్ల తలెత్తి ఆమెను చూసింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మా," అంది సులోచన చివరికి, "మేము బావి కొలవడానికి వచ్చాం."

"ఏ బాయి?"

"మీ బావి. ఇంజను పెట్టడానికి నీళ్ళు సరిపోతాయో లేదో చూద్దామని కార్డు రాశాం కదమ్మా. మీరు జవాబు పంపారు."

అక్కయమ్మ ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. నవ్వు అలాగే ఉంది, దాని వెనక నుంచి ప్రాణం పోయింది. ఆమె నెమ్మదిగా దేవుడి గూటి దగ్గరికి పోయి, పటాల ముందు పువ్వుల కింద దాచిన కార్డు తీసుకువచ్చింది. మూలల్లో సులోచన అద్దిన పసుపు. ఆ పసుపు మీద మళ్ళీ పూజ పసుపు.

"ఇదా?"

"ఇదే."

"ఇది పెండ్లి ఉత్తరం కాదా?"

బయట ఉన్నవాళ్ళు అందరూ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

సంగతి ముక్కలు ముక్కలుగా బయటపడింది. చింతామణి పక్కన పల్లెలో ఉండే ఆంజనేయప్పవాళ్ళు నెల కిందట వచ్చి మునిరత్నను చూసి వెళ్ళారు. ఇంటికి పోయి ఉత్తరం రాస్తామన్నారు. పోయిన గురువారం ఈ కార్డు వచ్చింది. అప్పటికి గంగప్ప పట్టుగూళ్ళు అమ్మడానికి శిడ్లఘట్ట మార్కెట్‌కు పోయి ఉన్నాడు. అంచె బయ్యప్ప కార్డు చూశాడు. అతనికి కన్నడమే వచ్చు. ముద్ర చూసి చింతామణి నుంచి వచ్చిందన్నాడు, తెలుగు రాతలో ఎలాగో 'సోమవారం' అన్న మాట ఒక్కటి పోల్చుకున్నాడు. మిగతాది తెలియదమ్మా అన్నాడు. జవాబు చిరునామా సెట్టి అంగడిదని కూడా చెప్పాడు.

"పల్లెటోళ్ళకు ఉత్తరాలన్నీ సెట్టి అంగడికే కదా పోతాయి" అంది అక్కయమ్మ ఎవరితోనో వాదిస్తున్నట్టు. "మాకూ బాగేపల్లిలో అట్లే. దాంట్లో తప్పేముండాది? మూలలకు పసుపు పెట్టుండారు. పసుపు పెట్టినాక చదివేదేముంటాది? ఈ సగం ఎనక్కి పంపాలమ్మా అంటే నేనే పసుపూ కుంకుమా పెట్టి, ముద్ర ఏసి ఇచ్చినా."

"శనివారం నేనొచ్చేసరికి ఇల్లంతా పండగ" అన్నాడు గంగప్ప. ఆయన అరుగు మీద కూలబడ్డాడు. "నా మతి యాడికి పోయిందో. సెట్టప్పకు అడ్రస్ ఇచ్చింది నేనే. అయినా ఇంజన్‌కు పసుపు పెట్టి ఎవరు రాస్తారప్పా?"

ఆ మాట సులోచనకు సూటిగా తగిలింది. ఆయన ఆమెను ఉద్దేశించి అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది.

పద్మనాభ గంగప్ప పక్కన కూర్చున్నాడు. చెప్పక తప్పదు, చెప్పేది తనే కావాలి. "గంగప్పా... ఆంజనేయప్ప కొడుకుకు పోయిన వారమే ఒప్పుకునేది అయిపోయింది. మాలూరు దిక్కు పిల్ల. పందిరికి తీగె మా అంగట్లోనే కొన్నారు. మీకు రాసినారేమో అనుకుంటి."

గుమ్మం దగ్గరి ఆడవాళ్ళు ఒకరొకరుగా కొంగులు సర్దుకుని వెళ్ళిపోయారు. వంటింట్లో ఓళిగ ఒకటి మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

సులోచన అనుకుంది, ఇంతేలే, ఒక సంబంధం తప్పింది, పిల్లకు పదిహేడేళ్ళే, ఇంకోటి వస్తుంది అని. ఓదార్పుగా అదే మాట అనబోయింది. అప్పుడే అక్కయమ్మ నోరు తెరిచింది.

"శుక్రవారం మా అన్న వచ్చినాడు. కైవారం నుంచి."

గంగప్ప తల వంచుకున్నాడు.

"మునివెంకటప్ప మా అన్న. వానికి ఒక్కడే కొడుకు, సీనప్ప. ఏడాది నుంచి అడుగుతానే ఉండాడు, నీ కూతుర్ని నా ఇంటికి పంపే అని. నేనే ఏదో ఒకటి చెప్పి తోస్తా వచ్చినా. చింతామణోళ్ళది తోట పెద్దది, ఇల్లు పెద్దది. శుక్రవారం వచ్చి ఆఖరు మాట చెప్పమన్నాడు. నేను ఈ కార్డు తీసి వాని కండ్ల ముందర ఆడించినా సెట్టమ్మా. 'చూడు, పసుపు పెట్టి రాసినారు, నీ ఇల్లు ఎవరికి కావాల' అన్నా. అన్నం ఆకు ముందర కూచున్నోడు లేచిపోయినాడు. చెయ్యి కడుక్కుని పోయినాడు. 'నీ ఇంట్లో ఇంక నీళ్ళు ముట్టను' అన్నాడు."

"ఇప్పుడే మనిషిని పంపితే?" అన్నాడు పద్మనాభ.

"నిన్ననే సీనప్పకు వేరే పిల్లను చూసి వక్కాకు మార్చుకున్నారంట. రోషానికి. తెల్లారి పాలు పోసేటోడు చెప్పిపోయినాడు. నేను దానికీ నవ్వినా. మాకూ ఈ పొద్దే కదా అని."

మునిరత్న కళ్ళు ఎందుకు వాచాయో సులోచనకు అర్థమైంది. ఆ పిల్ల మాత్రం గోడకేసి చూస్తూ కూర్చుంది.

కాసేపటికి అక్కయమ్మ కార్డు సులోచన ముందు పెట్టింది. "చదువు తల్లీ. ఏం రాసుండారో నా చెవులతో వినాల."

"ఇప్పుడెందుకమ్మా..."

"చదువు."

సులోచన కార్డు అందుకుంది. ఆ రాత తనదే. రాసిన సాయంత్రం ఎంత మురిసిపోయిందో ఒక్కొక్క అక్షరంలో కనిపిస్తోంది. చదివింది.

"పరగోడు శ్రీ గంగప్ప గారికి, చింతామణి పద్మనాభ నమస్కారాలు. సంత నాడు మీరు మా అంగట్లో అంతసేపు కూర్చుని మాట్లాడినందుకు సంతోషం. వేసవిలో మోట తోలితే మధ్యాహ్నానికే మీ బావిలో నీళ్ళు అడుగంటుతాయనీ, ఇంజను పెట్టేంత నీళ్ళు ఉన్నాయో లేవో తెలియదనీ అన్నారు. మీ అనుమానం న్యాయమైనది. చూడకుండా మేమూ చెప్పలేము."

"అదే అన్నా నేను" అని గొణిగాడు గంగప్ప.

"మీకు సమ్మతమైతే వచ్చే సోమవారం మా మెకానిక్‌తో వచ్చి బావి లోతు, నీళ్ళ మట్టం కొలుస్తాం. అందుకు మీరేమీ ఇవ్వనక్కర్లేదు. కొలిచినంత మాత్రాన కొనాలని లేదు. మీ బావికి ఇంజను సరిపడకపోతే ఆ మాటే చెప్పి వస్తాం."

ఇక్కడ ఆమె ఆగింది. తరువాతి మాటలు ఆమెకు కంఠతా వచ్చు. అవే అన్నిటికంటే ఇష్టంగా రాసుకున్నవి.

"చదువమ్మా."

"తొందరేమీ లేదు. ఇంట్లో అందరూ కలిసి ఆలోచించుకోండి. రమ్మంటే ఈ జవాబు కార్డు అంచెలో వేయండి. వేయకపోతే ఇప్పటికి వద్దనుకున్నారని తెలుసుకుంటాం, మళ్ళీ అడిగి ఇబ్బంది పెట్టం. సంతకు వచ్చినప్పుడు మా అంగట్లో మజ్జిగ తాగి వెళ్ళండి."

అయిపోయింది. అక్కయమ్మ కార్డు వెనక్కి తీసుకుంది.

"మంచిగా రాసినావు తల్లీ" అంది. "తొందర లేదని కూడా రాసినావు. తొందర నాదే."

ఆమె తిట్టి ఉంటే సులోచన తట్టుకునేది.

* * *

"ఎట్లాగూ వచ్చినారు కదా, బాయి కొలుచుకోండప్పా" అన్నాడు గంగప్ప లేస్తూ. "మోట లాగే ఎద్దుల్లో ఒకటి కుంటుతాండాది. నీళ్ళు అయితే కావాల కదా."

తోటలోని బావి దగ్గర ఈరప్ప గుండు కిందికి వదిలాడు. ముడులు లెక్కపెడుతూ, "గట్టు నుంచి నీళ్ళ దాకా ఇరవై ఏడు అడుగులు. నీళ్ళు తొమ్మిది" అన్నాడు. పంపు ఇరవై అడుగులకు మించి కింది నుంచి నీళ్ళు పీల్చలేదనీ, గట్టు మీద పెడితే పని చేయదనీ, బావి గోడలో పన్నెండు అడుగుల కిందికి రాతి అరుగు కట్టి అక్కడ పెట్టాలనీ గంగప్పకు చెప్పాడు. "ఇది చాలదు గంగప్పా. ఒక దినం మోట తోలి మట్టం ఎంత దిగుతుందో, తెల్లారికి ఎంత ఊరుతుందో గుర్తు పెట్టండి. రాత్రికి రాత్రి ఊరకపోతే ఇంజను దండగ. కొనొద్దని నేనే చెప్తా." గంగప్ప తల ఊపాడు. మామూలు రోజైతే ఎన్ని ప్రశ్నలు వేసేవాడో.

సులోచన బావి గట్టుకు దూరంగా మల్బరీ చెట్ల మధ్య నిలబడింది. తాను ఎంతో సరదాపడి తెచ్చుకున్న వేరుశనగల పొట్లం చేతిలోనే నలిగిపోయింది. వెనక అలికిడి అయింది. మునిరత్న. పట్టు చీర మార్చి పాత నేత చీర కట్టుకుంది. తలలో మల్లెలు లేవు. చంకలో గంప. పురుగులకు మధ్యాహ్నపు ఆకు వేయాలి, ఇంట్లో ఏం జరిగినా వాటికి తెలియదు కదా. ఆకులు తుంచడం మొదలుపెట్టింది.

సులోచన కూడా పక్కన నిలబడి తుంచింది. ఏ ఆకు కోయాలో తెలియక లేతవీ ముదురువీ కలిపి కోసింది. మునిరత్న చూసి, లేతవి ఏరి పక్కన పెట్టింది.

"నా మీద కోపంగా ఉందా?"

"మీరేం చేస్తారక్కా."

"పసుపు నేనే పెట్టాను. సంతోషం ఆగక పెట్టాను. మాకు మొదటి ఇంజను కదా అని."

మునిరత్న నాలుగైదు కొమ్మలు దులిపింది. ఆ తరువాత, కొమ్మతోనే చెబుతున్నట్టు అంది. "నేను నాలుగో క్లాసు దాకా చదివినా. కన్నడంలో. అమ్మ ఆ కార్డు తెచ్చినప్పుడు నేనే ముందర చూసినా. అక్షరాలు అటూ ఇటూ మావి మాదిరే ఉంటాయి గానీ కూడవు. మా ఊర్లో అందరం మాట్లాడేది తెలుగేనక్కా, చదివేటోళ్ళు ఒక్కరూ లేరు. కన్నడంలో రాసుంటే నేనే చదివి చెప్పుందును. శుక్రవారానికి ముందరే."

సులోచన ఆకులు తుంచడం ఆపింది. గంగప్ప సంత నాడు తేటగా తెలుగులో మాట్లాడాడు. ఆ తెలుగు విని ముచ్చటపడే ఆమె తెలుగులో రాసింది. చిరునామా కన్నడంలో రాస్తున్న మొగుడిని చూస్తూ కూడా, లోపలి మాట ఎవరు చదువుతారని అడగలేదు. మదనపల్లెలో అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"నీకు... మీ బావ అంటే ఇష్టమా?"

పిల్ల గంప ఎత్తి చంకకు సర్దుకుంది. "మా పురుగులకు జ్వరం వస్తే కైవారం నుంచి పొద్దున్నే వచ్చేటోడు. మంచి ఆకు మోసుకుని" అంది. అంతే అంది. గంప బరువుకు ఒక పక్కకు వంగి ఇంటి వైపు నడిచిపోయింది.

* * *

ఓళిగలు ఎవరూ తినలేదు. అక్కయమ్మ మాత్రం పట్టుబట్టి ముగ్గురికీ మజ్జిగ ఇచ్చింది. గంటల బండి మళ్ళీ సిద్ధమైంది, కొమ్ములకు ఉన్న రంగు కాగితాలు తీసేశారు. పద్మనాభ గంగప్పతో, "ఇంజను మాట మరిచిపోండి. నేను మళ్ళీ అడగను" అన్నాడు.

"అట్లనొద్దు సెట్టప్పా. మట్టం చూసి చెప్తా. అది వేరే, ఇది వేరే" అన్నాడు గంగప్ప.

అక్కయమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పొద్దుటి నుంచి ఆమెకు పదేళ్ళ వయసు మీద పడినట్టుంది. "రేపు నేను కైవారం పోతాండా" అంది ఉన్నట్టుండి.

గంగప్ప ఉలిక్కిపడ్డాడు. "ఏంటికి? వక్కాకు అయిపోయిందే. ఇప్పుడు పోయి ఏమడుగుతావు?"

"పెండ్లి అడిగేదానికి కాదు. యాడో ఇంకో బిడ్డ పసుపు నూరుకుంటా ఉంటాది, దాని నోట్లో మన్ను కొడతానా? నా కూతురికి నేను చేసింది చాలు. మా అన్న ఆకు ముందర నుంచి లేచిపోయినాడు. అమ్మ పోయినాక నాకుండేది వాడొక్కడే. తలుపు తీసినా తీయకపోయినా గడప కాడ కూచుంటా."

"ఆయన వింటాడా?" అంది సులోచన.

"వినడు. అయినా పోతా."

సులోచన బండిలో ఒక కాలు పెట్టింది, మళ్ళీ దించింది. మొగుడి వైపు చూసింది. పద్మనాభ ఆమె ముఖం చూసి ఏమీ అడగకుండానే తల ఊపాడు. ఆమె వెనక్కి వచ్చి అక్కయమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆ చేతులకు ఇంకా నెయ్యి వాసన.

"నేనూ వస్తానమ్మా. మీరు గర్వంతో అన్నారని ఆయన అనుకుంటున్నాడు. గర్వం కాదు, నా తప్పు వల్ల మోసపోయారని ఎదురుగా నిలబడి నేను చెప్తాను. తిడితే ముందు నన్నే తిట్టనీయండి."

అక్కయమ్మ ఆమెను పై నుంచి కింది దాకా చూసింది. "కొత్త పెండ్లికూతురివి. మాటలు పడేదానికి ఎందుకు తల్లీ?"

"నేనొస్తానమ్మా."

అక్కయమ్మ చెయ్యి విడిపించుకుని, కొంగుతో ముఖం తుడుచుకుని, బండతనికి చెప్పింది. "రేపు తెల్లారకముందే బండి కట్టాల, మొదటి బస్సు అందాల." తరువాత సులోచనతో అంది. "చింతామణి బస్టాండులో ఉండు. తొమ్మిదికంతా దిగుతా. ఆడి నుంచి కైవారానికి ఇద్దరం కలిసి పోదాం."